మెమో చేతికొచ్చిన రోజు నుంచి మొదలుపెట్టండి

"లాయరు గారికి నమస్కారం. నేను బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యాను. మా వీధిలో ఎవరికి చెక్కు బౌన్స్ అయినా నా దగ్గరికే వస్తారు. ఆరేడు నిమిషాల వీడియో ఒకటి చేసి, చట్టం పేరు, సందర్భం స్పష్టంగా చెబుదామనుకుంటున్నాను. ఇది న్యాయ సలహా కాదని కూడా చెప్పాలి కదా, అది ఎక్కడ ఎలా చెప్పాలి? చివర్లో ఒక లైను వేస్తే చాలా? మా అక్క కొడుకు లాయరు. కింద అతని నంబరు వేయొచ్చా?"
– ఒక పాఠకురాలు, తెనాలి

అమ్మా, చివర్లో లైను వేస్తే చాలదు. ఎందుకు చాలదో నా దగ్గరికొచ్చిన ఒకాయన సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

ఆయనది పురుగుమందుల దుకాణం. ఒక రైతు ఇచ్చిన చెక్కు బౌన్స్ అయింది. ఫోనులో ఏదో వీడియో చూశారు. అందులో "పదిహేను రోజులు టైం ఇవ్వాలి, ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి" అని చెప్పారట. ఈయన ఆ రైతు ఇంటికి వెళ్ళి నోటిమాటగా పదిహేను రోజులు గడువిచ్చారు. ఆ తర్వాత ఇంకో పదిహేను రోజులు ఓపిక పట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే మెమో చేతికొచ్చి 34 రోజులైంది. రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలనీ, అది మెమో అందిన 30 రోజుల్లోపే ఇవ్వాలనీ ఆయనకు తెలియదు. ఆ వీడియో నాకూ చూపించారు. చివర్లో చిన్న అక్షరాలతో "ఇది న్యాయ సలహా కాదు" అని ఉంది. ఆయన అంతదాకా చూడనేలేదు.

ఆయన అదృష్టం కొద్దీ చెక్కు చెల్లే గడువు ఇంకా 12 రోజులు మిగిలి ఉంది. అదే చెక్కును మళ్ళీ బ్యాంకులో వేయించాం, మళ్ళీ బౌన్స్ అయింది, ఈసారి నోటీసు టైముకు వెళ్ళింది. గడువు లోపల చెక్కును మళ్ళీ వేసి, రెండోసారి బౌన్స్ అయినప్పుడు కేసు పెట్టొచ్చని సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి 2012లో తేల్చింది. ఆ 12 రోజులు లేకపోయి ఉంటే ఆయనకు సివిల్ దావా ఒక్కటే మిగిలేది. ఆ వీడియోలో అబద్ధమేమీ లేదు. చెప్పిన రెండు గడువులూ చట్టంలో ఉన్నవే. కాకపోతే ఏ గడువు ఏ రోజు నుంచి మొదలవుతుందో చెప్పలేదు, ఇద్దరి పరిస్థితి ఒకేలా ఉండదని చెప్పాల్సిన చోట చెప్పలేదు.

కాబట్టి మీ వీడియోలో "ఇది సలహా కాదు" అనే మాటను చివర అతికించే చీటీలా చూడకండి. వీడియోను ఎలా కట్టాలో నిర్ణయించేది ఆ మాటే.

మొదటి వాక్యంలోనే సందర్భం చెప్పండి: "మీ చేతికి ఒకరు చెక్కు ఇచ్చారు, బ్యాంకులో వేశారు, డబ్బు లేదని వెనక్కి వచ్చింది, రిటర్న్ మెమో మీ చేతిలో ఉంది. ఈ వీడియో ఆ రోజు గురించి." రెండో వాక్యంలో చట్టం పేరు పూర్తిగా చెప్పండి: నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881, సెక్షన్ 138. జనం నోట్లో ఇది "138 కేసు", "చెక్ బౌన్స్ కేసు". ఆ మాట కూడా అనండి, లేకపోతే ఈ పెద్ద పేరు తమ సంగతేనని వాళ్ళకు తట్టదు. చాలామంది దీన్ని 420 కేసుతో కలిపేస్తారు. అది మోసానికి సంబంధించిన వేరే నేరం. పైగా 2024 జులై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, ఆ నేరం ఇప్పుడు అందులో 318వ సెక్షన్‌లో ఉంది. 138 మాత్రం పాత చోటే, అదే నంబరుతో ఉంది. దీనికి పోలీస్ స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ ఉండదు. మేజిస్ట్రేట్ కోర్టులో రాతపూర్వకంగా కంప్లయింట్ వేయాలి. ఈ ఒక్క ముక్క తెలియక స్టేషన్ చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఇక తేదీలు. మీ వీడియోకు ప్రాణం ఇక్కడే ఉంది. మాటలతో చెప్పొద్దు, గోడ క్యాలెండరు తీసి బల్లమీద పరిచి ఎర్ర పెన్నుతో చుట్టండి. నేనైతే ఇలా చూపిస్తాను.

చీరల వ్యాపారం చేసే ఒకావిడ ఉంది అనుకుందాం. సరుకు తీసుకున్న షాపాయన 2025 మే 26 తేదీ వేసి 2,00,000 రూపాయల చెక్కు ఇచ్చాడు. ఆమె జూన్ 3న బ్యాంకులో వేసింది. జూన్ 5న మెమో చేతికొచ్చింది. కారణం దగ్గర "ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్" అని ఉంది. జూన్ 5ను లెక్కలోంచి తీసేసి, 6 నుంచి ఒకటి అని లెక్కపెడితే 30వ రోజు జులై 5. ఆలోపు రాతపూర్వకంగా నోటీసు వెళ్ళాలి. ఆవిడ జూన్ 20న పోస్టులో పంపింది. షాపాయనకు జూన్ 25న అందింది, అందినట్టు అతని సంతకంతో అక్‌నాలెడ్జ్‌మెంట్ తిరిగొచ్చింది. ఇక్కడి నుంచి అతనికి డబ్బు కట్టడానికి 15 రోజులు. ఈ 15 రోజులు మొదలయ్యేది నోటీసు పంపిన రోజు నుంచి కాదు, అతనికి అందిన రోజు నుంచి. అందిన 25ను వదిలేసి లెక్కపెడితే 15వ రోజు జులై 10. ఆ రోజు గడిచేదాకా అతను నేరం చేసినట్టు కాదు. జులై 11న ఆవిడకు కేసు వేసే హక్కు పుడుతుంది. అక్కడి నుంచి ఒక నెల. 11ను వదిలేస్తే చివరి రోజు ఆగస్టు 11, సోమవారం.

ఆగస్టు 11 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నోటీసుకు చట్టం "30 రోజులు" అంటుంది, కంప్లయింట్‌కు "ఒక నెల" అంటుంది. 30 రోజుల లెక్కన అయితే ఆగస్టు 10 వస్తుంది, నెల లెక్కన 11. మొదటి రోజును వదిలేసి లెక్కించాలన్నది కూడా సుప్రీంకోర్టు 1999లో ఒక కేసులో చెప్పి, 2013లో మళ్ళీ ఖాయం చేశాకే స్థిరపడింది. మీ ప్రేక్షకులకు ఈ వివరమంతా అక్కర్లేదు. కానీ ఇంత సన్నగా లెక్క ఉంటుందని కళ్ళారా చూస్తే, ఆఖరి రోజు దాకా ఆగకూడదని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. క్యాలెండరు మీద 11కు బదులు జులై చివరి వారాన్ని పెద్దగా చుట్టి "ఇక్కడికల్లా కాగితాలు కోర్టులో ఉండాలి" అనండి.

మరీ తొందరపడ్డా చిక్కే. జూన్ 20న పంపింది కదా అని జులై 5తో పదిహేను రోజులు అయిపోయాయనుకుని 7వ తేదీన కంప్లయింట్ వేస్తే అది చెల్లదు. పదిహేను రోజులు నిండకముందు వేసిన కంప్లయింట్‌ను విచారణకు తీసుకోకూడదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు మళ్ళీ కొత్తగా వేసుకోవాలి. ఆలస్యమైతే మాత్రం తగిన కారణం చూపి మన్నించమని అడిగే వీలు 2002 సవరణతో వచ్చింది. అది కంప్లయింట్ ఆలస్యానికే. నోటీసు 30 రోజులు దాటితే ఆ వీలు లేదు. ఈ తేడా వీడియోలో తప్పకుండా చెప్పండి. "ఆలస్యమైనా పర్లేదు, కోర్టు ఒప్పుకుంటుంది" అని సగం విన్నవాళ్ళు నోటీసుకు కూడా అదే వర్తిస్తుందనుకుంటారు.

బ్యాంకులో పని చేశారు కాబట్టి మీకు బాగా తెలిసిన ఒక విషయం ఉంది, దాన్ని వాడుకోండి. మెమో మీద ఒక తేదీ ఉంటుంది, అది ఖాతాదారు చేతికి వచ్చే తేదీ వేరుగా ఉండొచ్చు, ఈ మధ్యలో ఫోనుకు ఎస్సెమ్మెస్ వస్తుంది. చట్టం ప్రకారం 30 రోజులు మొదలయ్యేది చెక్కు తిరిగొచ్చిందన్న సమాచారం బ్యాంకు నుంచి మీకు అందినప్పటి నుంచి. "నాకు మెమో ఆలస్యంగా ఇచ్చారు" అని తర్వాత వాదించుకోవడం కన్నా, ఎస్సెమ్మెస్ వచ్చిన రోజు నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. కెమెరాకు మెమో చూపించేటప్పుడు ఖాతా నంబరు, పేరు, సంతకం మీద కాగితం అంటించండి. పాత కస్టమర్ ఎవరిదీ వాడకండి, ఖాళీ నమూనా మీద మీరే రాసి చూపించండి.

ఇంకొకటి, ఇది లాయర్లు కానివాళ్ళే కాదు, కొందరు లాయర్లు కూడా తడబడే చోటు. చట్టం అసలు పాఠాన్ని indiacode.nic.in లో తెరిచి స్క్రీన్ మీద చూపించాలని మీకు అనిపిస్తుంది. మంచి పనే. కానీ అక్కడ 138లో చెక్కును "ఆరు నెలల్లోపు లేదా అది చెల్లే కాలంలోపు, ఏది ముందైతే అది" బ్యాంకులో వేయాలని ఉంటుంది. చూసినవాళ్ళు ఆరు నెలలని పట్టుకుంటారు. రిజర్వు బ్యాంకు 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు చెల్లే కాలాన్ని మూడు నెలలకు తగ్గించింది. అంటే చట్టంలో అక్షరం మారలేదు, "ఏది ముందైతే అది" అన్న మాట వల్ల ఆచరణలో మూడు నెలలైంది. చట్టం పేజీ చూపిస్తే ఈ మాట కూడా ఆ పక్కనే చెప్పాలి. లేకపోతే పేజీ చూపించకపోవడమే మేలు.

ఇప్పుడు మీరు అడిగిన మాట. "సలహా కాదు" అన్నది మూడు చోట్ల రావాలి. మొదటి నిమిషంలో నోటితో చెప్పాలి. మధ్యలో, దారి చీలే ప్రతిచోటా ఒక్క వాక్యంగా చెప్పాలి. వీడియో కింద రాతలో పెట్టాలి. మొదట్లో చెప్పేది ఇలా ఉంటే బాగుంటుంది:

"నేను చెప్పేది 138వ సెక్షన్ గురించిన సాధారణ సమాచారం. నేను లాయరుని కాదు. మీ చెక్కు, మీ మెమో, మీ ఒప్పందం నేను చూడలేదు. అందుకని ఇది మీ కేసుకు సలహా కాదు. ఈ వీడియో ఫలానా నెలలో తీశాను, తర్వాత చట్టం మారి ఉండొచ్చు. రోజులు గడిచిపోతాయి కాబట్టి మెమో వచ్చిన వారంలోపే కాగితాలు ఒక లాయరుకు చూపించండి."

ఇందులో ఎక్కువ పని చేసేది "మీ కాగితాలు నేను చూడలేదు" అన్న మాట. సలహాకూ సమాచారానికీ తేడా అదే. చట్టం ఏమంటుందో చెప్పడం సమాచారం. ఆమె మెమో, ఆమె బిల్లు చూసి "నువ్వు ఇలా చెయ్యి" అనడం సలహా. వినేవాళ్ళకు "లీగల్ డిస్‌క్లెయిమర్" అంటే ఏమీ తోచదు. "మీ చెక్కు నేను చూడలేదు" అంటే వెంటనే తెలుస్తుంది. చివరి వాక్యం కూడా వదిలేయకండి. "ఇది సలహా కాదు" అని ఊరుకుంటే మీరు చేతులు దులుపుకున్నట్టు ఉంటుంది. మరి ఎక్కడికి వెళ్ళాలో, ఎంత తొందరగా వెళ్ళాలో చెబితేనే ఆ మాట వాళ్ళకు పనికొస్తుంది.

దారి చీలే చోట్లు అన్నాను కదా. 138లో ఇవి చాలా ఉన్నాయి, మీరు ఒక రెండు తీసుకుంటే చాలు. మన ఊళ్ళల్లో ఎక్కువగా వచ్చేది ఇది. పైన చెప్పిన షాపాయనే చెక్కు ఇచ్చాక మధ్యలో ఫోన్‌పేలో 50,000 పంపాడు అనుకుందాం. ఆవిడ ఆ సంగతి పక్కనపెట్టి 2,00,000 చెక్కు అలాగే బ్యాంకులో వేసింది. బౌన్స్ అయింది. కేసు నిలుస్తుందా? 2022లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, చెక్కు ఇచ్చాక కొంత డబ్బు ముట్టితే ఆ సంగతి చెక్కు మీద రాసి వేయాలి. అలా రాయకుండా పూర్తి మొత్తానికి వేస్తే, ఆ రోజుకు అసలు బాకీ అంత లేదు కాబట్టి 138 కింద నేరం నిలవదు. అంటే మీ క్యాలెండరు మీద తేదీలన్నీ సరిగ్గా ఉన్నా ఈమె కేసు పోతుంది. సరిగ్గా ఈ ముక్క చెప్పాక కెమెరా వైపు చూసి అనండి: "మధ్యలో ఒక్క రూపాయి ముట్టినా ఈ వీడియో ఇక్కడ ఆపి, ముందు లాయరును కలవండి. మీ విషయంలో ఏం చేయాలో నేను చెప్పలేను." ఆ చోట ఆ మాట వాళ్ళ చెవిన పడుతుంది. చివర్లో చెబితే పడదు.

రెండో చీలిక, ఖాళీ చెక్కు. ఫైనాన్సు ఇచ్చేవాళ్ళు సంతకం పెట్టించి తీసుకునే ఖాళీ చెక్కుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మీ వీడియో చూసేవాళ్ళలో సగం మంది చెక్కు తీసుకున్నవాళ్ళు కాదు, ఇచ్చినవాళ్ళు. వాళ్ళు అడిగేది "నేను సెక్యూరిటీకి ఇచ్చాను, అంకె వాళ్ళు వేసుకున్నారు, నాకేం కాదు కదా?" అని. ఏమీ కాదని మీరు అనకూడదు. చట్టంలో 139వ సెక్షన్ ఉంది. చెక్కు మీద సంతకం తనదేనని తేలితే, అది బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని చూపించే బాధ్యత ఇచ్చినవాళ్ళ మీద పడుతుంది. సంతకం పెట్టి ఖాళీగా ఇచ్చినా ఇదే వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు అంది. అలాగని ఓడిపోయినట్టూ కాదు. బాకీ అంత లేదని, తీరిపోయిందని సాక్ష్యంతో చూపించి గెలిచినవాళ్ళు ఉన్నారు. అది పూర్తిగా వాళ్ళ రసీదుల మీద, బ్యాంకు స్టేట్‌మెంట్ మీద ఆధారపడుతుంది. మీరు అక్కడిదాకా తీసుకెళ్ళి ఆపాలి.

ఈ రెండోరకం ప్రేక్షకులకు వీడియోలో ఒక నిమిషం కేటాయించండి. నోటీసు వస్తే పోస్టుమ్యాన్‌ను వెనక్కి పంపితే తప్పించుకోవచ్చని ఇప్పటికీ నమ్ముతారు. సరైన చిరునామాకు పోస్టులో పంపిన నోటీసును తీసుకోనన్నా, అందినట్టే లెక్క. 2007లో ముగ్గురు జడ్జీల బెంచి ఇంకో మాట కూడా అంది: నోటీసు నిజంగా అందలేదనేవాడు, కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టేయొచ్చు. అది కూడా చేయనివాడు నోటీసు అందలేదని వాదించలేడు. ఇచ్చినవాళ్ళకు పనికొచ్చే మాట ఇది.

వీడియో మీద వేసే బొమ్మలో చేతికి సంకెళ్ళు, "రెండేళ్ళు జైలు ఖాయం" అని వేయకండి. చట్టం చెప్పేది రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ. దాకా అన్న మాట పోతే అర్థమే మారిపోతుంది. ఇది రాజీకి వీలున్న నేరం కూడా. చట్టంలో 147వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. చాలా కేసులు లోక్ అదాలత్‌లో డబ్బు మీద సర్దుబాటుతో ముగుస్తాయి. జైలు బొమ్మ చూసి భయపడి ఊరు వదిలిన మనిషి దగ్గర ఆ చీరలావిడకు రూపాయి కూడా రాదు.

ఇక మీ అక్క కొడుకు నంబరు. వేయొద్దమ్మా. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వ నియమం ప్రకారం లాయరు నేరుగా గానీ వేరేవాళ్ళ ద్వారా గానీ ప్రకటనలు ఇచ్చుకోకూడదు, కేసుల కోసం అడగకూడదు. మీరు పిన్ని కదా, ప్రేమతో వేశారని అనుకున్నా, వేరేవాళ్ళ ద్వారా అన్నదాంట్లోకి అది వచ్చేస్తుంది. ఇబ్బంది అతనికే. పైగా కింద ఒక లాయరు నంబరు కనిపించాక, పైన మీరు "ఇది సలహా కాదు" అన్నా, చూసేవాళ్ళకు ఆ వీడియో అతని దుకాణం బోర్డులాగే ఉంటుంది. అతని సాయం వేరేవిధంగా తీసుకోండి. స్క్రిప్టు అతని చేత చదివించండి.

నంబరు కావాలంటే 15100 వేయండి. అది జాతీయ న్యాయ సేవల హెల్ప్‌లైన్. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలు, ఎస్సీ ఎస్టీలు, ఇంకా కొందరికి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో ఆ జాబితా ఉంది. మీ వీధిలో చెక్కు పట్టుకుని వచ్చే ఆడవాళ్ళకు ఇది తెలియదు. ఈ ఒక్క మాట కోసమైనా మీ వీడియో రావాలని నేను కోరుకుంటున్నాను.

వీడియో బయటికొచ్చాక ఫోన్లు వస్తాయి. "మేడమ్, నాకు మెమో వచ్చి ఇరవై ఎనిమిది రోజులైంది, ఇంకా టైం ఉందా?" అని అడుగుతారు. మీకు జవాబు తెలుసు, నోటిదాకా వస్తుంది కూడా. చెప్పకండి. ఆ మనిషికి ఎస్సెమ్మెస్ ఎప్పుడొచ్చిందో, మధ్యలో డబ్బు ముట్టిందో లేదో మీకు తెలియదు. మీరు "ఉంది" అనగానే అతను రెండు రోజులు నింపాదిగా ఉంటాడు. "ఈ రోజే, ఇప్పుడే కాగితాలు తీసుకుని వెళ్ళండి" అని మాత్రం అనండి. నోటీసు రాసిపెట్టమని ఎవరైనా అడిగితే అదీ వద్దు. నోటీసు లాయరే ఇవ్వాలని చట్టంలో లేదు, డబ్బు రావాల్సినవాళ్ళు తామే రాసుకోవచ్చు. కానీ ఇంకొకరి కోసం సలహాలు ఇవ్వడం, కాగితాలు తయారుచేయడం కూడా న్యాయవాద వృత్తిలో భాగమేనని 2018లో విదేశీ లా ఫర్మ్‌ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వృత్తి చేసే హక్కు అడ్వొకేట్స్ చట్టం, 1961 కింద నమోదైన లాయర్లదే. చట్టం గురించి మాట్లాడకుండా మిమ్మల్ని ఎవరూ ఆపరు. ఎదుటి మనిషి కేసు మీ చేతిలోకి తీసుకోకూడదు, అంతే.

చివరిగా వీడియో తీసిన తేదీ. పైన నేను రాసిన మాటల్లో "ఫలానా నెలలో తీశాను" అన్నది ఉత్తినే పెట్టలేదు. 2014 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చింది. చెక్కు ఇచ్చినవాళ్ళ బ్యాంకు ఎక్కడుంటే అక్కడి కోర్టులోనే కేసు వేయాలని అందులో ఉంది. చెన్నై వ్యాపారి చెన్నై బ్యాంకు చెక్కు ఇస్తే తెనాలి ఆవిడ చెన్నై వెళ్ళాలి. మరుసటి ఏడాదే, 2015లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు చెక్కు తీసుకున్నవాళ్ళు తమ ఖాతాలో వేస్తే, ఆ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులో వేసుకోవచ్చు. 2014 సెప్టెంబరులో ఎవరైనా శ్రద్ధగా, తప్పులేకుండా వీడియో చేసి ఉంటే, సంవత్సరం తిరగకుండానే అది జనాన్ని తప్పు ఊరికి పంపించేది. అందుకని తేదీ నోటితో చెప్పండి, స్క్రీన్ మీద కూడా వేయండి. ఏడాదికోసారి మీ అక్క కొడుకును కూర్చోబెట్టి ఆ వీడియో అతనికి వినిపించండి. ఏదైనా మారితే, కింద దిద్దుబాటు రాయడంతో సరిపెట్టకుండా ఆ వీడియో తీసేసి కొత్తది పెట్టండి. కింద రాసింది ఎవరూ చదవరు.

నేను రాసిందీ సాధారణ సమాచారమే. మీ స్క్రిప్టు నేను చూడలేదు. రాయడం పూర్తయ్యాక అతని ముందు క్యాలెండరు పరిచి, మెమో తేదీ ఒక్కటే చెప్పి, మిగతా తేదీలన్నీ అతన్నే లెక్కపెట్టమనండి. మీ ఎర్ర చుట్లు, అతని లెక్క ఒకేచోట పడితే కెమెరా ఆన్ చేయండి.